బెల్జియంలో భాష గొడవ అంత పాతదైతే, భాషా పార్టీలు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయి?

ప్రశ్న: పొలిటికల్ సైన్స్‌లో పీజీ చేస్తున్నాను. సమాజంలో ఏ విభేదం పెద్దదైతే దాని చుట్టూనే పార్టీలు ఏర్పడతాయని క్లీవేజ్ థియరీ చెబుతుందని నాకు అర్థమైంది. టెన్త్ సోషల్ పుస్తకంలో బెల్జియం అంటే డచ్, ఫ్రెంచ్ భాషల గొడవే అని చదివాం. కానీ 1960ల దాకా అక్కడి పెద్ద పార్టీలు కాథలిక్, సోషలిస్టు, లిబరల్ పార్టీలే. భాష ఎక్కడికి పోయింది? థియరీ తప్పా, నేను అర్థం చేసుకున్నది తప్పా?

జవాబు:

థియరీ తప్పు కాదండి. దాన్ని మన నోట్సుల్లో కుదించి రాసే తీరులో లోపం ఉంది. లిప్సెట్, రొక్కాన్ 1967లో ఈ వాదన చేసినప్పుడు, సమాజంలోని విభేదాలు వాటంతట అవే పార్టీలుగా మారతాయని అనలేదు. ఏ విభేదం ఎప్పుడు రాజకీయాల్లోకి వచ్చింది, ఆ సమయానికి ఓటు హక్కు ఎవరికి ఉంది, సీట్లు ఏ పద్ధతిలో పంచుతున్నారు, జనాన్ని అప్పటికే ఎవరు సంఘాల్లో చేర్చుకున్నారు అన్నవే వాళ్ల అసలు ప్రశ్నలు. బెల్జియంలో మతం, వర్గం, భాష మూడూ ఉన్నాయి, మూడూ వేర్వేరు కాలాల్లో రాజకీయాల్లోకి వచ్చాయి. అందుకే ఈ థియరీని పరీక్షించడానికి అంతకంటే మంచి దేశం నాకు కనిపించలేదు.

ముందు ఒక షరతు చెప్పుకోవాలి. తర్వాతి కాలంలో బార్టొలీని, మేర్ అనే పండితులు దీన్ని మూడు భాగాలుగా విడదీసి చెప్పారు. ఒక విభేదాన్ని క్లీవేజ్, అంటే స్థిరపడిన రాజకీయ చీలిక అనాలంటే మూడు ఉండాలి. జనం నిజంగా వేర్వేరు గుంపులుగా బతుకుతూ ఉండాలి. ఆ గుంపులో ఉన్నామన్న స్పృహ వాళ్లలో ఉండాలి. ఆ స్పృహకు ఒక సంస్థ రూపం, అంటే పార్టీ, యూనియన్, చర్చి సంఘం లాంటిది ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగిలేది అసంతృప్తి మాత్రమే. అది ఒక ఎన్నికలో పైకి వచ్చి మరుసటి ఎన్నికకు సర్దుమణిగిపోవచ్చు. 19వ శతాబ్దపు బెల్జియంలో భాషకు మొదటిది పూర్తిగా ఉంది, రెండోది కొద్దిమందిలో ఉంది, మూడోది లేదు.

అదెందుకో చూద్దాం. 1830లో బెల్జియం నెదర్లాండ్స్ నుంచి విడిపోయింది. ఆ పోరాటంలో కాథలిక్కులు, లిబరల్స్ కలిసే ఉన్నారు. అప్పట్లో ఓటు హక్కు నిర్ణీత మొత్తం పన్ను కట్టేవాళ్లకే ఉండేది. ఉత్తరాన ఫ్లాండర్స్‌లో సామాన్య జనం డచ్ యాసలు మాట్లాడేవాళ్లు. కానీ అక్కడి ధనికులు, లాయర్లు, అధికారులు ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు. పైకి రావాలంటే ఫ్రెంచ్ రావాల్సిందే. అంటే ఓటు వేసేవాళ్లలో, ఉత్తరమైనా దక్షిణమైనా, దాదాపు అందరూ ఫ్రెంచ్ తెలిసినవాళ్లే. జనంలో ఉన్న భాషా విభేదం ఓటర్ల జాబితాలోకి రానే లేదు. డచ్ మాత్రమే తెలిసిన రైతుకు భాష బాధ ఉంది, ఓటు లేదు. మీ ప్రశ్నకు జవాబులో మొదటి సగం ఇదే.

ఓటున్న ఆ కొద్దిమందిని విడదీసింది మతం. సరిగ్గా చెప్పాలంటే కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య గొడవ కాదు, దేశం దాదాపు అంతా కాథలిక్కే. పిల్లల చదువు చర్చి చేతిలో ఉండాలా, ప్రభుత్వం చేతిలో ఉండాలా అన్నది తగవు. 1846లో లిబరల్స్ పార్టీ పెట్టుకున్నారు. 1879లో లిబరల్ ప్రభుత్వం ప్రతి స్థానిక మున్సిపాలిటీలో మతంతో సంబంధం లేని ప్రాథమిక పాఠశాల ఉండాలని చట్టం తెచ్చింది. బిషప్పులు తిరగబడ్డారు. ఆ బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లకు, పిల్లల్ని అక్కడికి పంపే తల్లిదండ్రులకు చర్చిలో పవిత్ర సంస్కారాలు ఇవ్వబోమన్నారు. ప్రభుత్వం వాటికన్‌తో సంబంధాలు తెంచుకుంది. ఊరూరా చర్చి ఆధ్వర్యంలో పోటీ బడులు లేచాయి. వాటికి చందాలు, కమిటీలు, టీచర్లు కావాలి కదా. కాథలిక్ పార్టీకి క్షేత్రస్థాయి బలం అక్కడే తయారైంది. 1884లో గెలిచి, 1914 దాకా ముప్పై ఏళ్లు ఒంటరిగా పాలించింది.

ఇక్కడ ఒక్కసారి ఆగండి. పార్టీని పుట్టించింది భక్తి కాదు. బడి ఎవరి చేతిలో ఉండాలన్న ఒక నిర్దిష్టమైన తగవు, దాని కోసం కట్టుకున్న సంస్థలు. నా విద్యార్థులు పరీక్షల్లో మతం వల్ల పార్టీ వచ్చింది అని ఒక వాక్యంలో రాసి వదిలేస్తారు. ఏ తగవు, ఏ సంస్థ అని రాయకపోతే ఏమీ చెప్పనట్టే.

తర్వాత వచ్చింది వర్గం. దక్షిణాన ఫ్రెంచ్ మాట్లాడే వలోనియాలో లియెజ్, షార్లెరువా చుట్టూ బొగ్గు, ఉక్కు. యూరప్ ఖండంలో అందరికంటే ముందు పరిశ్రమలు వచ్చిన ప్రాంతాల్లో అదొకటి. ఫ్లాండర్స్ చాలావరకు వ్యవసాయం, పేదరికం. గెంట్ పట్టణంలో మాత్రం బట్టల మిల్లులు ఉండేవి. 1885లో కార్మిక పార్టీ పుట్టింది. 1893లో సార్వత్రిక సమ్మె చేసి, పురుషులందరికీ ఓటు సాధించింది. అయితే అది సమానమైన ఓటు కాదు. ఆస్తి, చదువు, కుటుంబ పెద్ద హోదా ఉన్నవాళ్లకు అదనపు ఓట్లు ఇచ్చారు, ఒకరికి గరిష్ఠంగా మూడు. అయినా ఓటర్లు సుమారు 1.37 లక్షల నుంచి 13.7 లక్షలకు పెరిగారు. ఓటు వేయడం తప్పనిసరి అన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

1894 ఎన్నికల ఫలితం చూడండి. 152 సీట్లలో కాథలిక్కులు 104, సోషలిస్టులు 28, లిబరల్స్ 20. సోషలిస్టుల బలం అంతా వలోనియాలోనే. గెంట్ కార్మికుల నాయకుడు ఎడ్వర్డ్ ఆన్సీలే కూడా లియెజ్ నుంచే గెలవాల్సి వచ్చింది. ఉత్తరం పూర్తిగా కాథలిక్, దక్షిణం ఎక్కువగా ఎరుపు. ఇదే పద్ధతి కొనసాగి ఉంటే మత చీలిక, వర్గ చీలిక, భాషా సరిహద్దు ఒకే గీత మీదకు వచ్చేవి. అలా చీలికలు ఒకదాని మీద ఒకటి పడితే దేశం నిలబడటం కష్టం.

దాన్ని ఆపింది 1899లో తెచ్చిన, ఓట్ల నిష్పత్తిలో సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి. గెంట్ ప్రొఫెసర్ విక్టర్ డోంట్ రూపొందించిన లెక్కతో సీట్లు పంచడం మొదలుపెట్టారు. లిబరల్స్ కనుమరుగై, కాథలిక్కులూ సోషలిస్టులే మిగిలి తలపడే పరిస్థితి వస్తుందన్న భయం దీని వెనక ఉంది. ఫలితం ఏమిటంటే, వలోనియాలోని మైనారిటీ కాథలిక్కులకు సీట్లు వచ్చాయి, ఫ్లాండర్స్‌లోని మైనారిటీ సోషలిస్టులకూ వచ్చాయి. మూడు పార్టీలూ రెండు భాషా ప్రాంతాల్లోనూ సొంత ఎంపీలున్న జాతీయ పార్టీలుగా నిలిచాయి. ఎన్నికల పద్ధతి చీలికల్ని పుట్టించదు కానీ, అవి ఒకే గీత మీద పడతాయా, అడ్డంగా కోసుకుంటాయా అన్నది అది చాలావరకు తేలుస్తుంది.

ఇప్పుడు ఒక ఫ్లెమిష్, అంటే ఫ్లాండర్స్‌కు చెందిన మిల్లు కార్మికుడిని ఊహించుకోండి. ఆదివారం చర్చికి వెళ్తాడు, కూలి తక్కువ, ఫ్రెంచ్ రాదు. అతని ముందు మూడు గుర్తింపులు ఉన్నాయి. ఓటు దేన్నిబట్టి వేస్తాడు? సోషలిస్టులు అతని కోసం సహకార దుకాణం, యూనియన్, ఆరోగ్య బీమా సంఘం పెట్టారు. అది చూసి చర్చి కూడా కాథలిక్ యూనియన్, కాథలిక్ బీమా సంఘం, రైతు సంఘం, యువజన సంఘం పెట్టింది. 1891లో కార్మికుల స్థితిపై పోప్ లేఖ వెలువడ్డాక ఈ పని వేగం పుంజుకుంది. పుట్టిన ఆసుపత్రి నుంచి చదివే పేపర్ దాకా అన్నీ ఒకే వర్గానివి. అక్కడివాళ్లు ఈ వ్యవస్థను స్తంభాలు అంటారు. కాథలిక్ స్తంభంలో ఉన్న కార్మికుడు, జబ్బు చేసినా ఉద్యోగం పోయినా డబ్బు అందేది ఆ సంఘం ద్వారానే కాబట్టి, కాథలిక్ పార్టీకే ఓటేసేవాడు. నిజానికి 1950ల చివరికల్లా సభ్యత్వంలో కాథలిక్ యూనియన్ సోషలిస్టు యూనియన్‌ను దాటిపోయింది. వర్గం ఒకటే అయితే ఓటు ఒకటే అవుతుందనుకునేవాళ్లు ఈ విషయం దగ్గర తప్పకుండా ఆలోచించాలి.

ఏ చీలిక బలమైనదో తెలుసుకునే పద్ధతి కూడా ఇందులోనే ఉంది. ఒకే వర్గంలోని ఇద్దరిని తీసుకోండి, ఒకరు చర్చికి వెళ్లేవారు, ఒకరు వెళ్లనివారు. ఓట్లు బాగా తేడాగా ఉంటే మతం వర్గాన్ని కోస్తోందని అర్థం. తర్వాత అదే స్థాయి భక్తి ఉన్న ఇద్దరిని తీసుకుని, ఒకరు కార్మికుడు, ఒకరు యజమాని అయితే తేడా ఎంతో చూడండి. ఒక్కో అంశాన్ని విడిగా చూసి వచ్చిన శాతాలతో తీర్పు చెప్పేస్తే మోసపోతాం. ఎందుకంటే ఫ్లాండర్స్‌లో ఎక్కువ భక్తి, తక్కువ పరిశ్రమలు కలిసే ఉన్నాయి. మనం భాష ప్రభావం అనుకున్నది నిజానికి భక్తి ప్రభావం కావచ్చు.

మరి భాష? అది ఈ పార్టీల లోపల బతికింది. ఫ్లెమిష్ ఉద్యమంలో ఎక్కువమంది కాథలిక్కులే, వాళ్ల ఇల్లు కాథలిక్ పార్టీయే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచ్ మాట్లాడే ఆఫీసర్ల కింద పనిచేసిన ఫ్లెమిష్ సైనికుల ఆవేదన నుంచి ఫ్రంట్ పార్టీ పుట్టి, 1919లో 5 సీట్లు గెలిచింది. కానీ అప్పటికే ఓటర్లు స్తంభాల్లో సర్దుకున్నారు. కొత్త పార్టీకి ఓటేయడమంటే అలవాటైన సంఘాలను, వాటితో వచ్చే సాయాన్ని వదులుకోవడమే. మీ ప్రశ్నకు జవాబులో రెండో సగం ఇది. బస్సులో ముందెక్కినవాళ్లు సీట్లన్నీ పట్టుకుంటే తర్వాత వచ్చినవాళ్లు ఎంత బలవంతులైనా నిలబడాల్సిందే. భాష ఆలస్యంగా ఎక్కింది.

పైన మూడు పార్టీలే కనిపించినా లోపల భాష ఎంత ముదిరిందో 1950 మార్చి 12న తేలింది. యుద్ధకాలంలో జర్మన్లకు లొంగిపోయి దేశంలోనే ఉండిపోయిన రాజు మూడో లియోపోల్డ్ తిరిగి సింహాసనం ఎక్కవచ్చా అని ప్రజాభిప్రాయం అడిగారు. దేశం మొత్తం మీద సుమారు 58 శాతం సరే అన్నారు. ఫ్లాండర్స్‌లో 72 శాతం, వలోనియాలో 42, బ్రస్సెల్స్‌లో 48. కాథలిక్ పార్టీ రాజు వైపు, సోషలిస్టులు ఎదురు వైపు. ఒకే ప్రశ్న మీద మతం, వర్గం, ప్రాంతం మూడూ వరుసలో నిలిచాయి. రాజు తిరిగి రాగానే వలోనియా సమ్మెలతో అట్టుడికింది, లియెజ్ దగ్గర కాల్పుల్లో మనుషులు చనిపోయారు. చివరికి రాజు అధికారాలను కొడుకు బొదువెన్‌కు అప్పగించి తప్పుకున్నాడు. మెజారిటీ ఓటు గెలిచినా అమలు చేయలేని పరిస్థితి ఎలా వస్తుందో ఇంతకంటే స్పష్టంగా చూపే సంఘటన నాకు తెలియదు.

ఆ తర్వాత బడి గొడవ మళ్లీ లేచింది. 1954లో వచ్చిన సోషలిస్టు, లిబరల్ ప్రభుత్వం కాథలిక్ బడుల గ్రాంట్లు తగ్గిస్తే లక్షల మంది రోడ్డెక్కారు. 1958 ఎన్నికల్లో 212 సీట్లలో 209 ఆ మూడు పాత పార్టీలవే. ఆ ఏడాది నవంబరులో మూడు పార్టీలూ కలిసి బడుల ఒప్పందం చేసుకున్నాయి. తల్లిదండ్రులు ఏ బడి అయినా ఎంచుకోవచ్చు, రెండు రకాల బడుల టీచర్ల జీతాలూ ప్రభుత్వమే ఇస్తుంది. ఎనభై ఏళ్ల తగవు తీరిపోయింది.

తగవు తీరడంతో కాథలిక్కులు ఒక్క పార్టీలోనే ఉండాల్సిన కారణం బలహీనపడింది. అంతవరకూ ఫ్లెమిష్ వాదులకు, విడిపోతే మన బడులు పోతాయి అన్న భయం ఉండేది. ఇప్పుడు ఆ భయం లేదు. అదే సమయంలో వలోనియాలో బొగ్గు గనులు మూతపడుతున్నాయి, ఆంట్వెర్ప్ రేవు చుట్టూ ఫ్లాండర్స్ సంపన్నమవుతోంది. 1960-61 చలికాలంలో ప్రభుత్వ ఖర్చులు తగ్గించే చట్టానికి వ్యతిరేకంగా జరిగిన సార్వత్రిక సమ్మె వలోనియాలో ఉధృతంగా సాగింది, కాథలిక్ యూనియన్ అందులో చేరలేదు. వలోన్ యూనియన్ నాయకుడు ఆండ్రే రెనార్డ్ అప్పుడే సమాఖ్య కావాలన్నాడు. ఫ్లాండర్స్‌తో కలిసి ఉన్నంతకాలం కార్మికుల మాట నెగ్గదన్నది అతని వాదన. వర్గం గొడవ ప్రాంతం గొడవగా మారిన క్షణం అది. 1962లో చట్టం చేసి భాషా సరిహద్దును గీసేశారు.

1954లో పుట్టిన ఫ్లెమిష్ పార్టీ వోల్క్సూనీకి 1958లో ఒక్క సీటు, 1961లో 5, 1965లో 12, 1968లో 20, 1971లో 21. మీరు అడిగిన భాషా పార్టీ రాక ఇదే. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్ల భాషా పార్టీలు కూడా ఈ ఏళ్లలోనే పెరిగాయి.

కానీ అసలు దెబ్బ కొత్త పార్టీల వల్ల తగల్లేదు. లూవెన్ కాథలిక్ విశ్వవిద్యాలయం ఫ్లాండర్స్‌లో ఉంది, అప్పట్లో అందులో ఫ్రెంచ్ విభాగం కూడా ఉండేది. దాన్ని అక్కడి నుంచి పంపాలని ఫ్లెమిష్ విద్యార్థులు పట్టుబట్టారు. విశ్వవిద్యాలయం ఒకటిగానే ఉంటుందని 1966లో బిషప్పులు ప్రకటిస్తే, భక్తులైన ఫ్లెమిష్ కాథలిక్కులే వాళ్లపై తిరగబడ్డారు. 1879లో బిషప్పుల మాట మీద బడులు మానిన జనం మనవలు వీళ్లు! 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం కూలింది. మార్చి ఎన్నికల్లో కాథలిక్ పార్టీ రెండు భాషా విభాగాలు వేర్వేరుగా పోటీ చేశాయి. ఫ్రెంచ్ విభాగం కోసం సరిహద్దు అవతల కొత్త ఊరే కట్టారు, లైబ్రరీ పుస్తకాలను సరి, బేసి నంబర్ల చొప్పున పంచుకున్నారు. లిబరల్ పార్టీ 1970ల మొదట్లో, సోషలిస్టు పార్టీ 1978లో భాషను బట్టి చీలిపోయాయి.

లిప్సెట్, రొక్కాన్ వాదనలో ప్రసిద్ధమైన మాట ఒకటుంది. 1960ల పార్టీ వ్యవస్థలు కొన్ని మినహాయింపులతో 1920ల చీలికలనే చూపిస్తున్నాయన్నారు, అంటే గడ్డకట్టినట్టు ఉన్నాయని. ఆ మాట అచ్చయిన మరుసటి ఏడాదే బెల్జియం పెద్ద పార్టీ చీలింది. దీన్ని చూపించి థియరీ కుప్పకూలిందని రాసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పాత చీలికలు ఎందుకు గడ్డకట్టాయో వాళ్లు చెప్పిన కారణాలే, అవి ఎప్పుడు కరుగుతాయో కూడా చెబుతాయి: తగవు తీరాలి, సంస్థల పట్టు సడలాలి. బెల్జియంలో ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లు 1967లో సుమారు 43 శాతం ఉంటే, 1998 నాటికి 11 శాతం దగ్గరకు పడిపోయారు. 1999లో ఫ్లెమిష్ కాథలిక్ పార్టీ నాలుగు దశాబ్దాల తర్వాత మొదటిసారి ప్రభుత్వం బయట కూర్చుంది. అయితే బీమా సంఘాలు, యూనియన్లు ఇప్పటికీ అవే రంగులతో పనిచేస్తున్నాయి. ఓటు పోయినా సంస్థ మిగిలింది. థియరీ సరిగా ఊహించనిది ఈ భాగం అని నా అభిప్రాయం.

భాషా చీలిక గెలిచాక ఏమైందంటే, అది ఓటర్ ముందు ఎంపికగా ఉండటం మానేసింది. ఆంట్వెర్ప్‌లో ఓటర్ ఫ్రెంచ్ సోషలిస్టు పార్టీకి ఓటేయలేడు, ఆ పార్టీ అక్కడ పోటీయే చేయదు. బ్రస్సెల్స్ మినహా దాదాపు అంతటా ఇంతే. కాబట్టి బెల్జియంలో ఇప్పుడున్నది ఒక పార్టీ వ్యవస్థ కాదు, పక్కపక్కన రెండు. ఉత్తరం ఒక ఓటు చెబుతుంది, దక్షిణం ఒకటి చెబుతుంది, రెండిటినీ కలిపి ప్రభుత్వం కట్టాలి. 2010 ఎన్నికల తర్వాత దానికి 541 రోజులు పట్టింది. అవతలి ప్రాంతం ఓట్లు అవసరం లేని నాయకుడు వాళ్లకు నచ్చేలా మాట్లాడాల్సిన పని ఏముంటుంది? భాషా పార్టీల సీట్ల కంటే ఈ మార్పే లోతైనదని నేను అనుకుంటాను.

మన దగ్గర కూడా సంస్థ రూపం అన్న మూడో షరతును పరీక్షించుకోవచ్చు. 1971లో తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతపు 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచి, అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. భాష ఒకటే అయినా ప్రాంతపు స్పృహ ఉంది, ఓట్లూ ఉన్నాయి, నిలబడే సంస్థ లేదు. 2001లో మళ్లీ ఆ వాదనతో పార్టీ వచ్చినప్పుడు కథ వేరుగా నడిచింది. మీరు ప్రాజెక్టుకి ఈ రెండు దశలను పోల్చి, మధ్యలో యూనియన్లు, విద్యార్థి సంఘాలు, ఉద్యోగ సంఘాలు ఏమయ్యాయో వెతకండి. ఎన్నికల ఫలితాల పట్టికలు మాత్రమే చూస్తే ఏమీ దొరకదు.

బెల్జియం గురించి ఇంకా చదవాలనుకుంటే పీవీడీఏ-పీటీబీ అనే వామపక్ష పార్టీని గమనించండి. పార్లమెంటులో ఉన్న పార్టీల్లో భాషను బట్టి విడిపోకుండా రెండు ప్రాంతాలకూ కలిపి ఒకే పార్టీగా నడిచేది అదే, 2024లో 150 సీట్లలో 15 తెచ్చుకుంది. దాని ఓట్లు ఉత్తరంలో, దక్షిణంలో ఏ వృత్తుల వాళ్ల నుంచి వస్తున్నాయో విడివిడిగా చూడండి. రెండు చోట్లా ఒకే రకం కార్మికుల నుంచి వస్తుంటే, వర్గం భాషా గీతను దాటుతోందని చెప్పడానికి ఆధారం ఉన్నట్టు. ఒక్క దక్షిణంలోనే పెరుగుతూ ఉంటే, అది 1894 నాటి పటంలోని ఎరుపే.